కాగితం మీది బస్తాలు

రైస్‌మిల్లు గోదాం గోడకు ఒక రేకు బోర్డు వేలాడుతుంటుంది. లోపలి సరుకు ఫలానా బ్యాంకుకు హైపోథికేట్ అయిందని, అంటే అప్పుకు హామీగా రాసిచ్చారని, దాని మీద ఉంటుంది. కానీ గోదాం తాళంచెవి మిల్లు యజమాని జేబులోనే ఉంటుంది. ధాన్యం వస్తుంది, బియ్యం పోతుంది, ఏ లారీ గేటు దాటిందో బ్యాంకుకు తెలియదు. నెలకోసారి యజమాని సంతకంతో వెళ్లే స్టాక్ స్టేట్‌మెంటే బ్యాంకుకు కళ్లు. అచ్చమైన తాకట్టులో సరుకు బ్యాంకు స్వాధీనంలోనే ఉంటుంది, తాళమూ వాళ్లదే. సరుకు హామీ మీద కావలసినప్పుడు తీసుకుని, డబ్బు వచ్చినప్పుడు కట్టుకునే క్యాష్ క్రెడిట్ ఖాతాలో ఆ తాళం పని చేసేది ఈ ఒక్క కాగితమే. అలాంటి కాగితాన్ని మన ఊళ్లలో చాలాచోట్ల గుమాస్తా పోయిన నెల దాన్ని ముందు పెట్టుకుని, తేదీ మార్చి, అంకెలు నాలుగు అటూఇటూ చేసి పంపేస్తున్నాడు. యజమాని చదవకుండానే సంతకం పెడుతున్నారు. ఈ అలవాటు మీదే మా అభ్యంతరం.

బ్యాంకు కోటి రూపాయల లిమిట్ ఇచ్చిందంటే కోటీ వాడుకోవచ్చని చాలామంది అనుకుంటారు. లిమిట్ గరిష్ఠ హద్దు మాత్రమే. ఈ నెల ఎంత తీసుకోవచ్చో చెప్పేది డ్రాయింగ్ పవర్, వ్యాపారుల మాటలో డీపీ. ఈ రెండింటిలో ఏది తక్కువైతే అంతవరకే చెక్కు చెల్లుతుంది. డీపీ సరుకుతో పాటు పెరుగుతుంది, సరుకుతో పాటు తరుగుతుంది.

ఒక మిల్లును ఊహించుకుని లెక్క వేద్దాం. లిమిట్ కోటి. నెలాఖరు స్టేట్‌మెంటులో ధాన్యం 3,000 క్వింటాళ్లు, క్వింటాలు 2,400 చొప్పున 72 లక్షలు. బియ్యం 1,000 క్వింటాళ్లు, 4,000 చొప్పున 40 లక్షలు. తవుడు, నూకలు కలిపి 8 లక్షలు. మొత్తం కోటీ 20 లక్షల సరుకు. ఇందులో రైతులకు, కమీషన్ ఏజెంట్లకు ఇంకా ఇవ్వాల్సింది 30 లక్షలు ఉంది. దాన్ని తీసేయాలి. ఆ సరుకుకు అప్పటికే రైతే అప్పు పెట్టాడు కాబట్టి, దాని మీద బ్యాంకు మళ్లీ డబ్బిస్తే ఒకే బస్తాకు ఇద్దరు అప్పిచ్చినట్టవుతుంది. మిగిలిన 90 లక్షల్లో 25 శాతం మార్జిన్, అంటే యజమాని సొంతంగా పెట్టుకోవాల్సిన వాటా, పోగా 67.5 లక్షలు. మిల్లుకు రావాల్సిన బాకీలు 60 లక్షలున్నా, వాటిలో 20 లక్షలు 90 రోజులు దాటినవి. చాలా బ్యాంకులు వాటిని లెక్కలోకి తీసుకోవు. మిగతా 40 లక్షల మీద 40 శాతం మార్జిన్ పోతే 24 లక్షలు. రెండూ కలిపి డీపీ 91.5 లక్షలు. మార్జిన్ శాతాలు ఖాతాను బట్టి మారతాయి, శాంక్షన్ లెటర్‌లో ఉన్నదే ప్రమాణం. లెక్క కట్టే పద్ధతి మాత్రం దాదాపు ఇంతే.

మిల్లు 90 లక్షలు వాడుకుంది. డీపీ లోపలే ఉంది కాబట్టి కాగితం మీద అంతా సవ్యమే.

కానీ ఆ 3,000 క్వింటాళ్ల ధాన్యంలో 1,000 క్వింటాళ్లు మిల్లు యజమానివి కావు. పౌరసరఫరాల సంస్థ కస్టమ్ మిల్లింగ్ కోసం దించిన ధాన్యమది. మర ఆడించి, నిర్ణీత వాటా బియ్యం తిరిగి అప్పగించాలి. అది తన గోదాంలో ఉన్నా తన సొత్తు కాదు, తనది కానిదాన్ని తన అప్పుకు హామీగా చూపే హక్కూ లేదు. తెలుగు రాష్ట్రాల్లో సర్కారు ధాన్యం, సొంత ధాన్యం ఒకే కప్పు కింద ఉండటం మామూలే. గుమాస్తా గోదాంలో కనిపించిన బస్తాలన్నీ కలిపి రాసేశాడనుకోండి. మోసం చేయాలన్న ఉద్దేశం అతనికి లేకపోవచ్చు. ఆ 1,000 క్వింటాళ్ల విలువ 24 లక్షలు తీసేస్తే సొంత సరుకు 96 లక్షలే. రైతుల బాకీ పోగా 66, మార్జిన్ పోగా 49.5, దానికి రావాల్సిన బాకీల మీది 24 కలిపితే అసలు డీపీ 73.5 లక్షలు. అంటే వాడుకున్న 90 లక్షల్లో 16.5 లక్షలకు వెనక సరుకే లేదు.

ఇదే పని చేసే మరో తప్పు, ఇవ్వాల్సిన బాకీల గడిలో సున్నా రాయడం. పై లెక్కలో 30 లక్షలు దాచేస్తే ఒక్క దెబ్బకు డీపీ 22.5 లక్షలు పెరుగుతుంది. ఇంకొకటి, నెలాఖరు రోజున బిల్లు కొట్టిన సరుకు. లారీ ఇంకా కదలలేదని దాన్ని స్టాకులో రాస్తారు, బిల్లు కొట్టాం కదా అని రావాల్సిన బాకీల్లోనూ రాస్తారు. ఒకే బియ్యం రెండు గడుల్లో కూర్చుంటుంది. ఇవన్నీ పొరపాట్లు కావచ్చు. కానీ ఎంత డీపీ కావాలో ముందు అనుకుని, దానికి సరిపడేలా వెనక నుంచి సరుకు రాసుకొచ్చే పద్ధతి పొరపాటు కాదు. అది బ్యాంకును నమ్మించి డబ్బు తీసుకోవడమే.

ఇలాంటివి బయటపడవనుకోవడం భ్రమ. సరుకు లెక్క గొలుసులాంటిది. పోయిన నెల ముగింపు నిల్వ ఈ నెల ప్రారంభ నిల్వ కావాలి. దానికి కొన్నది కలిపి, అమ్మింది తీసేస్తే మిగిలేదే నెలాఖరు నిల్వ. ధాన్యం మర ఆడితే దాదాపు మూడింట రెండొంతులు బియ్యం వస్తుంది. ఇన్ని వేల క్వింటాళ్లు ఆడించామని రాస్తే కరెంటు బిల్లు ఆ మాటకు తోడు రావాలి, అమ్మకాలకు జీఎస్టీ రిటర్నులు తోడు రావాలి. మార్చి 31 స్టేట్‌మెంటులో ఇవ్వాల్సిన బాకీలు సున్నా అని ఉండి, అదే తేదీ ఆడిట్ బ్యాలెన్స్ షీటులో 30 లక్షలు కనిపిస్తే ఇక అడగాల్సిన ప్రశ్నేముంది? తనిఖీకి వచ్చిన అధికారి బస్తాల వరుసలను పొడవు, వెడల్పు, ఎత్తుల్లో లెక్కిస్తారు. పనితెలిసిన వారైతే అక్కడితో ఆగరు. మధ్యలోంచి నాలుగు బస్తాలు తీయించి, లోపల ధాన్యమే ఉందో, ఊక బస్తాలున్నాయో, అసలు ఖాళీయో చూస్తారు.

అంకెలు తప్పడం ఒక ఎత్తు, స్టేట్‌మెంటే ఇవ్వకపోవడం మరో ఎత్తు. వ్యాపారులు తక్కువగా చూసే ప్రమాదం ఇదే. మూడు నెలలకు మించి పాతబడిన స్టేట్‌మెంటు ఆధారంగా లెక్కించిన డీపీపై వాడుకున్న సొమ్మును సక్రమం కానిదిగా పరిగణించాలని రిజర్వు బ్యాంకు నిబంధన. అలా 90 రోజులు ఎడతెగకుండా సాగితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, అవుతుంది. మిల్లు నడుస్తున్నా, దాని ఆర్థిక స్థితి బాగున్నా మినహాయింపు లేదు. మార్చి 31 నాటి స్టేట్‌మెంటు ఇచ్చి ఊరుకున్న యజమాని ఖాతా జూన్ దాటగానే గాడి తప్పుతుంది, సెప్టెంబరు ముగిసేసరికి మొండి బాకీల జాబితాలోకి చేరుతుంది. వడ్డీ పైసాతో సహా కట్టామని అప్పుడు వాపోయి లాభం లేదు.

తప్పుడు అంకె బ్యాంకు దగ్గరే ఆగిపోదు కూడా. గోదాంలో నిప్పంటుకుంటే బీమా సర్వేయర్ చేతికి వెళ్లే కాగితాల్లో బ్యాంకుకిచ్చిన స్టేట్‌మెంటు ఒకటి. అందులోని నిల్వకూ మిల్లు పుస్తకాల్లోని నిల్వకూ పొంతన లేకపోతే క్లెయిము అక్కడే చిక్కుపడుతుంది. సరుకు ఎంతుందో యజమానికే సరిగా తెలియక బీమా తక్కువకు చేయించినా నష్టమే. 96 లక్షల సరుకుకు 48 లక్షల బీమా ఉండి, 20 లక్షల సరుకు కాలిపోతే, సరుకు విలువలో ఎంత వంతుకు బీమా ఉందో నష్టంలోనూ అంత వంతే ఇచ్చే పాలసీలోని సగటు నిబంధన ప్రకారం చేతికొచ్చేది 10 లక్షలే. బీమా మొత్తం 48 లక్షలుంది కదా అంటే కుదరదు.

ఆదాయపు పన్ను అధికారి అడిగే ప్రశ్న వేరు. బ్యాంకుకు కోటీ 20 లక్షలు చూపి, పుస్తకాల్లో 96 లక్షలే రాస్తే, మిగతా సరుకు ఏ డబ్బుతో కొన్నారంటారు. అప్పు కోసం పెంచి రాశామన్నది సాధారణంగా వచ్చే జవాబు. సరుకు రుణగ్రహీత దగ్గరే ఉన్న కేసుల్లో ఈ వాదనను ఒప్పుకున్న కోర్టులున్నాయి, ఒప్పుకోని సందర్భాలూ ఉన్నాయి. కానీ పన్ను నుంచి కాపాడే ఆ జవాబే బ్యాంకుకు అబద్ధం చెప్పామని ఒప్పుకునే వాంగ్మూలమవుతుంది. ప్రస్తుత ఆస్తుల హామీ మీద అయిదు కోట్లు దాటిన వర్కింగ్ క్యాపిటల్ లిమిట్లున్న కంపెనీల విషయంలోనైతే, బ్యాంకుకిచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోలాయో లేదో ఆడిటర్ తన నివేదికలో చెప్పి తీరాలి. కంపెనీల ఆడిట్ నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే 2020 నాటి కారో ఉత్తర్వు ఆ బాధ్యత పెట్టింది.

రుణగ్రహీత మాట వినకుండా ఖాతాపై మోసం ముద్ర వేయకూడదన్నది న్యాయమైన సూత్రం. తెలంగాణ హైకోర్టు 2020లో ఇచ్చిన తీర్పుపై అప్పీలులో, 2023 మార్చి 27న సుప్రీంకోర్టు దీన్ని స్థిరపరిచింది. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు 2024 ఆదేశాల్లో, నోటీసుకు జవాబివ్వడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలని చెప్పింది. మేము ఈ రక్షణను స్వాగతిస్తున్నాం. అయితే ఆ 21 రోజుల్లో రుణగ్రహీత ముందు పరచేది ఆయన సంతకాలున్న స్టేట్‌మెంట్లనే. చదవకుండా పెట్టానన్నది అక్కడ జవాబు కాదు.

బ్యాంకుల తప్పూ తక్కువ కాదు. స్టేట్‌మెంటు అందిందా లేదా అని చూడటమే తప్ప, అందులో ఏముందో చూసే తీరిక శాఖల్లో కనిపించడం లేదు. నెల నెలా ఒకే రకం అంకెలు వస్తున్నా అనుమానం రాని మేనేజరు, ఖాతా మునిగాక సరుకు ఏదని అడగడం న్యాయం కాదు. కోతల కాలంలో మిల్లుకు డబ్బు అవసరం ఒక్కసారిగా పెరుగుతుందని బ్యాంకుకు తెలుసు. అప్పుడు తాత్కాలిక అదనపు లిమిట్ దరఖాస్తును వారాల తరబడి బల్ల మీద ఉంచితే, నిజాయతీగా అడిగినవాడికి శిక్ష, అంకె పెంచినవాడికి డబ్బు అన్నట్టవుతుంది. ఆ దరఖాస్తులకు గడువు పెట్టి తేల్చాలి. ఫారం తెలుగులో ఇవ్వాలి. సొంత సరుకు, కస్టమ్ మిల్లింగ్ సరుకు, డబ్బు చెల్లించని సరుకు వేర్వేరు గడుల్లో అడగాలి. ఆ గడి ముందుంటే సగం పొరపాట్లు రాసేవాడి చేతిలోనే ఆగుతాయి.

మిల్లు యజమాని చేయాల్సింది నెలాఖరు సాయంత్రం, హమాలీలు వెళ్లాక, గుమాస్తాతో కలిసి గోదాంలో ఒక గంట నడవడం. సర్కారు బస్తాలను వేరే వరుసలో పెట్టించి వాటికి వేరే రిజిస్టరు ఉంచడం. అంకెను కొన్న ధర, మార్కెట్ ధరల్లో తక్కువైన దానితో కట్టడం. పై లెక్కలోలా డీపీ 73.5 లక్షలే తేలితే, 16.5 లక్షల లోటును స్టేట్‌మెంటులో పూడ్చకుండా స్టేట్‌మెంటుతో పాటు బ్యాంకు ముందు పెట్టడం. 90 రోజులు దాటిన 20 లక్షల పాత బాకీలు అలాగే పడి ఉన్నాయి. వాటిని వసూలు చేసి ఖాతాలో జమ చేస్తే అప్పు 70 లక్షలకు దిగుతుంది, డీపీ లోపలికి వస్తుంది. అందుకు రెండు నెలలు పట్టేట్టుంటే ఆ రెండు నెలల గడువును రాతపూర్వకంగా అడగాలి.