మీటరును ఎరుపు అంచు దాకా నింపకండి

రికార్డింగ్ స్థాయి ఎంత పెట్టాలని అడిగితే ఇప్పటికీ చాలామంది ఒకే మాట చెబుతున్నారు: ఎరుపు తగలకూడదు, కానీ దానికి వీలైనంత దగ్గరగా ఉండాలి. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. అది టేపు కాలం నాటి సలహా. టేపుకు సొంత బుస ఉండేది, గొంతు దాని మీద తేలాలంటే గట్టిగా ఎక్కించక తప్పేది కాదు. కాస్త హద్దు దాటినా టేపు మీద ధ్వని మెల్లగా నలిగేది. డిజిటల్‌లో అలా నలగదు, తెగుతుంది.

డిజిటల్ మీటరులో సున్నా అంటే నిశ్శబ్దం కాదు, పైకప్పు. అంకెలన్నీ దాని కింద మైనస్‌లోనే ఉంటాయి. 6 డెసిబెల్స్ దిగితే తరంగం ఎత్తు దాదాపు సగమవుతుంది. సున్నాను దాటాల్సిన భాగం ఎంతైనా అక్కడే చదునుగా కోసుకుపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటాం.

ఒకసారి ఒక వృద్ధ ఉపాధ్యాయుడి జ్ఞాపకాలు రికార్డు చేశాను. ఆయన చాలా మెల్లగా మాట్లాడతారు. మాటల పీక్‌లు, అంటే తరంగం తాకే అత్యధిక ఎత్తులు, మైనస్ 3 దగ్గర ఆడేలా మైకు సంకేతాన్ని పెంచే గెయిన్‌ను పైకి తిప్పాను. నలభై నిమిషాల తర్వాత ఒక పాత విద్యార్థి గుర్తుకొచ్చి ఆయన పగలబడి నవ్వారు. ఆ నవ్వు మాట కంటే 10 డెసిబెల్స్ ఎక్కువ, అంటే పైకప్పు కంటే 7 పైన. తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ ఎంత దించినా తరంగం చిన్నదైందే గానీ దాని తలలు కత్తితో కోసినట్టు చదునుగానే ఉన్నాయి. కోత గెయిన్ పెట్టే ప్రీఆంప్ నాబ్ దగ్గర, ధ్వని అంకెలుగా మారే చోటే జరిగిపోయింది. క్లిప్పింగ్‌ను సరిచేసే సాధనాలు పోయిన తలలను ఊహించి గీస్తాయి, అంతే. ఆయన నవ్వు నాకు తిరిగి దక్కలేదు.

మాటల పీక్‌లు మైనస్ 14 దగ్గర ఉండేలా పెట్టి ఉంటే ఆ నవ్వు మైనస్ 4 దగ్గర హాయిగా ఇమిడేది.

ఇలా చెప్పగానే ఎదురయ్యే ప్రశ్న: తక్కువ స్థాయిలో రికార్డు చేసి తర్వాత పెంచితే రొద కూడా పెరగదా? పెరుగుతుంది. కానీ ముందే గెయిన్ పెంచినా అంతే పెరుగుతుంది. ఆ రికార్డింగ్‌తోనే లెక్క వేద్దాం. గదిలో ఫ్యాన్ రొద మైనస్ 55 దగ్గర ఉంది, చెవికి సగటున వినిపించే బిగ్గరతనాన్ని కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్‌లో మాట మైనస్ 19. గెయిన్ 11 తగ్గించి ఉంటే రొద మైనస్ 66కి, బిగ్గరతనం మైనస్ 30కి కలిసి దిగేవి. సంభాషణలకు చాలామంది ఎంచుకునే మైనస్ 16కి చేర్చాలంటే మొదటిదాన్ని 3, రెండోదాన్ని 14 పెంచాలి. రెండింటిలోనూ చివరికి రొద మైనస్ 52 దగ్గరే ఆగుతుంది. ఎరుపును అంటుకుని రికార్డు చేసినందుకు నాకు దక్కింది ఏమీ లేదు, నవ్వు మాత్రం పోయింది.

24 బిట్‌లో రికార్డు చేస్తే పరికరం సొంత రొద ఆ ఫ్యాన్ కంటే చాలా కింద ఉంటుంది కాబట్టే ఈ లెక్క నిలుస్తుంది. పీక్‌లే మైనస్ 50కి దిగేంత తక్కువ పెడితే పరికరం రొద కూడా పైకి తేలుతుంది, అంత దూరం వెళ్లకండి. ఫ్యాన్ రొద తగ్గాలంటే మైకును దగ్గరకు జరపాలి. దూరం 60 సెంటీమీటర్ల నుంచి 30కి తగ్గితే గొంతు దాదాపు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, రొద ఉన్నచోటే ఉంటుంది. అప్పుడు గెయిన్‌ను 6 దించవచ్చు.

ఎల్‌యూఎఫ్‌ఎస్‌ను రికార్డు చేస్తూ చూడాల్సిన పని లేదు. పీక్ మీటరు చెప్పేది పైకప్పు ఎంత దూరంలో ఉందన్నదే. ఒక చప్పట, ఒక నిడివైన ఆలాపన ఒకే పీక్‌ను తాకవచ్చు, చెవికి మాత్రం ఆలాపనే బిగ్గరగా వినిపిస్తుంది. ఆ తేడాను పట్టుకోవడానికి 2006లో అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం ఒక కొలత పద్ధతిని ప్రకటించింది, ఎల్‌యూఎఫ్‌ఎస్ అంకె దాని నుంచే వస్తుంది. చెవి స్పందించే తీరుకు దగ్గరగా పౌనఃపున్యాలను తూచి, సమయం మీద సగటు తీస్తారు. ఇప్పటి మీటర్లు మాటల మధ్య నిశ్శబ్దాన్ని లెక్కలోంచి తీసేస్తాయి కూడా. ఇది ఎడిటింగ్ అయ్యాక చూసుకోవాల్సిన అంకె.

14 పెంచినప్పుడు మైనస్ 4 దగ్గరున్న నవ్వు ప్లస్ 10కి వెళ్తుంది కదా అంటారు. నిజమే. ముందు ఆ ఒక్క నవ్వును చేత్తో 7 లేదా 8 దించండి, మిగిలినదాన్ని పీక్‌లను హద్దు దాటనివ్వని లిమిటర్ మైనస్ 1 దగ్గర పట్టుకుంటుంది. అంతా లిమిటర్ మీదే వదిలితే నవ్వు నలిగిపోతుంది.

ఇప్పుడు నేను రికార్డింగ్‌కు ముందు ఎవరినీ ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టమనను. పక్క గదిలో ఉన్నవాళ్లను పిలిచినట్టు ఒకసారి పిలవమంటాను. ఆ పిలుపు మైనస్ 6 దాటకుండా నాబ్ తిప్పి, దాన్ని మళ్లీ ముట్టుకోను.