అదే మందు, అదే మనిషి: మరి భయం ఎక్కడిది?

హైదరాబాద్‌లో ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు పూసిన కాగితపు బ్లాట్లు దొరికాయంటే ఇప్పుడు ఎవరూ ఉలిక్కిపడటం లేదు. 2017లో ఎక్సైజ్ శాఖ సిట్ విచారణ సినీరంగం దాకా వెళ్లినప్పుడు రాష్ట్రమంతా అదే చర్చ. ఆ తర్వాత ఎన్ని బ్లాట్లు పట్టుకున్నారు, వాటి విలువెంత, ఎవరెవరిని అరెస్టు చేశారు అన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆ చిన్న కాగితం ముక్క మనిషి చూపునూ వినికిడినీ ఏం చేస్తుంది, ఒకరు నవ్వుకుంటూ కూర్చునే చోట ఇంకొకరు చచ్చిపోతున్నానని ఎందుకు కేకలు పెడతారు అన్న సంగతి మాత్రం ఎక్కడా కనిపించదు. కాలేజీల్లో అవగాహన సదస్సులు పెట్టేవారు గంజాయినీ హెరాయిన్‌నూ ఎల్‌ఎస్‌డీనీ ఒకే గాటన కట్టేసి, తీసుకుంటే ప్రాణం పోతుందని చెప్పి దిగిపోతున్నారు. స్నేహితుడు తీసుకుని మర్నాడు మామూలుగానే క్లాసుకు వచ్చాడనుకోండి, ఆ సదస్సులో విన్న మిగతా మాటలను కూడా పిల్లలు నమ్మరు.

ఈ మందును కావాలని తీసుకున్న మొదటి ట్రిప్పే, అంటే మొదటి మత్తు అనుభవమే, దాని తత్వాన్ని బయటపెట్టింది. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ నగరంలో సాండోజ్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ హాఫ్‌మన్ 1938లో ఎల్‌ఎస్‌డీ తయారుచేశాడు. 1943 ఏప్రిల్ 19 సాయంత్రం తనమీదే పరీక్షించుకోవాలని 250 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో నాలుగో వంతు, నీళ్లలో కలుపుకుని తాగాడు. అంత తక్కువైతే ఏమీ కాదన్నది ఆయన అంచనా. ఇవాళ పరిశోధకులు 100 మైక్రోగ్రాములనే పూర్తి డోసుగా లెక్కిస్తున్నారు. గంట గడవకముందే తల తిరిగింది, ఆందోళన మొదలైంది, నోట్‌బుక్‌లో రాయడం కష్టమైంది. యుద్ధకాలపు ఆంక్షల వల్ల కారు దొరకలేదు. అసిస్టెంటును వెంటబెట్టుకుని సైకిల్ మీద ఇంటికి బయల్దేరాడు. సైకిల్ ఉన్నచోటే ఆగిపోయిందని ఆయనకు అనిపించింది. మనం చాలా వేగంగానే వచ్చామని అసిస్టెంటు తర్వాత చెప్పింది.

ఇంటికి చేరాక అసలు భయం పట్టుకుంది. గదిలోని కుర్చీలు, బల్లలు వికృత రూపాలు దాల్చి మీదికి వస్తున్నట్లు తోచింది. పాలు తెచ్చిచ్చిన పొరుగింటావిడ రంగుల ముసుగు వేసుకున్న మంత్రగత్తెలా కనిపించింది. విషానికి విరుగుడు అవుతుందేమోనని ఆ సాయంత్రం రెండు లీటర్లకు పైగా పాలు తాగాడు. మతి పోయిందనుకున్నాడు, చచ్చిపోతున్నాననుకున్నాడు. డాక్టర్ వచ్చి చూస్తే నాడి, బీపీ, ఊపిరి అన్నీ సరిగానే ఉన్నాయి. కనుపాపలు మాత్రం బాగా విప్పారి ఉన్నాయి. ప్రమాదమేమీ లేదని తెలిశాక భయం కొద్దికొద్దిగా వదిలింది. మందు ఇంకా ఒంట్లోనే ఉంది. కళ్లు మూసుకుంటే రంగురంగుల వలయాలు విచ్చుకుంటూ కనిపించాయి, తలుపు గడియ చప్పుడు, వీధిలో కారు మోత కూడా రంగుల ఆకారాలయ్యాయి. అప్పుడు ఆయన వాటిని ఆస్వాదించాడు. అదే మనిషి, అదే డోసు, అదే సాయంత్రం. మారింది, తనకేం జరుగుతోందన్న దానిపై ఆయనకున్న అభిప్రాయం.

దీనికి మూలం మెదడులో ఉంది. ఎల్‌ఎస్‌డీ లాంటిదే ఇంకో మందు, మత్తెక్కించే కొన్ని పుట్టగొడుగుల్లో ఉండే సైలోసిబిన్. అది ఒంట్లోకి వెళ్లాక సైలోసిన్‌గా మారుతుంది. సైలోసిన్ అయినా ఎల్‌ఎస్‌డీ అయినా ప్రధానంగా పనిచేసేది సెరొటోనిన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే 5-హెచ్‌టీ2ఏ అనే గ్రాహకం మీదే. దాన్ని ముందే కెటాన్సెరిన్ అనే మందుతో మూసేస్తే సైలోసిబిన్ మత్తు దాదాపు ఎక్కదని 1998లో జ్యూరిక్ పరిశోధకులు చూపించారు. ఈ గ్రాహకాలు మెదడు పై పొరలో, చూపుకూ ఆలోచనకూ సంబంధించిన చోట దట్టంగా ఉంటాయి. అక్కడ జరిగే పనిని అర్థం చేసుకోవడానికి మన వేదాంతుల తాడు–పాము కథ చాలు. మసక వెలుతురులో తాడు పాములా కనిపిస్తుందంటే, కంటికి అందినది కొంచెమే, మిగతాది మెదడు ఊహించి పూరించుకున్నదే అని అర్థం. మామూలు రోజుల్లో ఈ ఊహ స్థిరంగా ఉంటుంది. గోడ కదలదని మెదడుకు ముందే తెలుసు కాబట్టి, కళ్లు అటూఇటూ మెదిలినా గోడ నిలకడగానే కనిపిస్తుంది. ఈ మందులు ఆ ముందస్తు నమ్మకాల పట్టును సడలిస్తాయన్నది ఇప్పుడు ఎక్కువగా వినిపించే వివరణ. 2019లో మెదడు పరిశోధకులు కార్హార్ట్-హారిస్, ఫ్రిస్టన్ దీన్నొక సిద్ధాంతంగా ముందుకు తెచ్చారు. దాని మీద వాదనలు సాగుతూనే ఉన్నాయి. అయినా గోడ ఊపిరి పీలుస్తున్నట్లు ఉబ్బడం, తివాచీ మీది పువ్వులు పాకడం, కదిలే చేతి వెనక జాడలు మిగలడం వంటివి ఎందుకు జరుగుతాయో అది బాగానే చెబుతుంది.

సినిమాల్లో చూపించినట్లు లేని మనుషులు ఎదురుగా వచ్చి నిలబడి మాట్లాడటం అరుదు. ఉన్నదే వంకరపోతుంది, కదులుతుంది, మెరుస్తుంది. ఇది మందు ప్రభావమన్న ఎరుక చాలామందికి, చాలాసేపు ఉంటుంది. కళ్లు మూసుకున్నప్పుడు కనిపించే జాలీలు, సాలెగూళ్లు, సొరంగాలు, సుడులు ఏ దేశం వాడికైనా దాదాపు ఒకటే. హైన్రిక్ క్లూవర్ అనే శాస్త్రవేత్త 1920ల్లోనే మెస్కలిన్ అనే ఇలాంటి మందే తీసుకున్నవారి మాటల నుంచి ఈ నాలుగు రూపాలను ఏరి చెప్పాడు. కంటి తెరను మెదడు తన చూపు పొర మీద పరుచుకునే తీరులోనే వాటి కారణం ఉంది. ఆ పొర మీద తిన్నని చారలుగా పాకే అలజడి, చూసేవాడికి సొరంగంగానో సుడిగానో అనుభవమవుతుంది. అంటే అతడు చూస్తున్నది ఒక రకంగా తన మెదడు నిర్మాణాన్నే.

భయం కూడా ఇదే పని నుంచి పుడుతుంది. చెడ్డ ట్రిప్పుకు వేరే రసాయనం అక్కర్లేదు. మొదట ఒంట్లో మార్పులొస్తాయి: గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది, కడుపులో తిప్పుతుంది, చేతులు వణుకుతాయి. ఇవన్నీ టెన్షన్‌లో వచ్చే లక్షణాలే. మామూలుగా అయితే ‘ఏదో కంగారు, తగ్గిపోతుంది’ అని సర్దిచెప్పే మెదడు ఇప్పుడు ఆ పని చేయలేకపోతుంది. గుండె దడను గుండెపోటు అనుకుంటాడు, ఆ ఆలోచనతో దడ ఇంకా పెరుగుతుంది. పక్కవాడి మామూలు చూపు కుట్రలా తోస్తుంది. పైగా కాలం సాగదీసినట్లు అనిపిస్తుంది. సైలోసిబిన్ ఇచ్చిన వలంటీర్లు రెండు మూడు సెకన్లకు మించిన వ్యవధులను సరిగా కొలవలేకపోయారని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. అయిదు నిమిషాలు గంటలా గడిచేవాడికి ‘ఇంకెంతసేపు?’ అన్న ప్రశ్న ‘ఇక ఎప్పటికీ ఇంతే’గా మారుతుంది. నిజానికి సైలోసిబిన్ నాలుగు నుంచి ఆరు గంటల్లో దిగిపోతుంది. ఎల్‌ఎస్‌డీ దిగడానికి ఎనిమిది నుంచి పన్నెండు గంటలు పడుతుంది. డోసు పెరిగితే ‘నేను’ అన్న భావమే కరిగిపోతుంది. దాన్ని ఒకడు ప్రశాంతత అంటాడు, పట్టు వదలనని పెనుగులాడేవాడు చావు అంటాడు.

డోసు సంగతి బాజెల్‌లోనే మళ్లీ తేలింది. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు 16 మంది ఆరోగ్యవంతులకు వేర్వేరు రోజుల్లో 25, 50, 100, 200 మైక్రోగ్రాముల ఎల్‌ఎస్‌డీ ఇచ్చి చూశారు. హాయిగా ఉందన్న అనుభూతి 100 దగ్గరే ఆగిపోయింది. 200కు వెళ్తే హాయి పెరగలేదు, ‘నేను’ చెదరడం ఎక్కువైంది, ఆందోళన వచ్చి చేరింది. ఎక్కువ వేస్తే ఎక్కువ మజా అనుకునే కుర్రాళ్లకు చెప్పాల్సింది ఇదే.

మంచి చోటు, మంచి మనసు, తోడు ఉంటే భయం రాదన్న భరోసా కూడా పూర్తి నిజం కాదు. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 2006 నాటి సైలోసిబిన్ ప్రయోగంలో మానసిక సమస్యలు లేనివారినే ఎంచుకున్నారు. గంటలకొద్దీ ముందే సిద్ధం చేశారు, సోఫా, సంగీతం, పక్కనే శిక్షణ ఉన్న మనిషి, అన్నీ ఏర్పాటు చేశారు. అయినా 36 మందిలో 11 మంది ఎప్పుడో ఒకప్పుడు తీవ్ర భయం పొందారు. వారిని దాటించింది తోడున్నవారి మాటే. ఏర్పాట్లు భయాన్ని ఆపలేదు, అది ప్రమాదంగా మారకుండా ఆపాయి.

ఫామ్‌హౌస్ పార్టీలో ఈ ఏర్పాట్లేవీ ఉండవు. బ్లాటులో ఎంత ఉందో అమ్మేవాడికే తెలియదు. ఒకే రకం పుట్టగొడుగుల్లోనూ ఒకదానికీ మరోదానికీ బలం తేడా ఉంటుంది. ఎక్కడానికి అరగంట, గంట, భోజనం చేసుంటే ఇంకాస్త పడుతుంది. ఈలోగా ‘పనిచేయట్లేదు’ అని రెండోది వేసుకుంటారు, రెండూ కలిసి ఎక్కుతాయి. మద్యం, గంజాయి తోడైతే అయోమయం ముదురుతుంది. ఎల్‌ఎస్‌డీకి బదులు ఎన్‌బీఓఎంఈ అనే చవక రసాయనాన్ని పూసి అమ్మడం వివిధ దేశాల్లో బయటపడింది. ఎల్‌ఎస్‌డీకి దాదాపు రుచి ఉండదు, ఇది నాలుక మీద చేదుగా, మొద్దుబారినట్లు ఉంటుంది. దీనితో ఫిట్స్ వచ్చి ప్రాణాలు పోయిన కేసులున్నాయి. ఇక ఇంట్లో స్కిజోఫ్రెనియా, బైపోలార్ చరిత్ర ఉన్నవారికి ట్రిప్పు దిగినా మతిభ్రమ దిగకపోయే ముప్పుంది. లిథియం మాత్రలు వాడేవారికి ఈ మందులతో ఫిట్స్ ముప్పు ఉంది.

భయపడిపోయిన కుర్రాడికి చుట్టూ ఉన్నవాళ్లు చేసేది సాధారణంగా పొరపాటే. మజ్జిగ, నిమ్మరసం పట్టిస్తారు. హాఫ్‌మన్‌కు పాలు ఎంత పనిచేశాయో ఇవీ అంతే. చెంప మీద కొట్టి ‘తెలివిలోకి రారా’ అంటారు, దాంతో చుట్టూ శత్రువులే ఉన్నారన్న అనుమానం అతనికి రుజువైపోతుంది. చేయాల్సింది తక్కువ: లైట్లు, పాటలు తగ్గించి, జనాన్ని పంపేసి, నమ్మకమున్న ఒక్కరు పక్కన కూర్చోవాలి. ‘నువ్వు తీసుకున్నది ఇది, ఇన్ని గంటలకు దిగిపోతుంది, నేనిక్కడే ఉంటా’ అని ఎన్నిసార్లయినా చెప్పాలి. మేడ మీదికి, రోడ్డు మీదికి వెళ్లనీయకూడదు. ఒళ్లు కాలిపోతున్నా, బిగుసుకుపోయినా, ఫిట్స్ వచ్చినా, ఛాతీ నొప్పి అన్నా, తనకో ఇతరులకో హాని చేసేలా ఉన్నా ఆలస్యం చేయకుండా 108కు ఫోన్ చేయాలి. మర్నాటికీ మామూలు కాకపోతే మానసిక వైద్యుడికి చూపించాలి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది.

ఆ ఫోన్ చేయడానికే చాలామంది జంకుతారు, పోలీసులు వస్తారని. ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ స్వచ్ఛందంగా చికిత్సకు వచ్చే వ్యసనపరులకు కొన్ని షరతులతో రక్షణ ఇస్తుంది. ఒక్క రాత్రి ట్రిప్పు బెడిసికొట్టిన విద్యార్థికి అది వర్తిస్తుందని ఎవరూ హామీ ఇవ్వరు. అలాంటివాడిని ఆసుపత్రికి తెచ్చిన స్నేహితులను ముద్దాయిలుగా చూడబోమని రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులు రాతపూర్వకంగా ప్రకటించాలి. ఇంకో పని కూడా వారి చేతుల్లోనే ఉంది. పట్టుబడ్డ బ్లాట్లు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్తాయి, వాటిలో ఏముందో నివేదిక కోర్టుకు చేరుతుంది. ఎల్‌ఎస్‌డీ పేరుతో ఎన్‌బీఓఎంఈ దొరికిన రోజున ఆ సంగతి కేసు తేలేదాకా ఫైల్లో ఉంచకుండా, ఆ వారమే కాలేజీలకూ క్యాజువాలిటీ డాక్టర్లకూ చేరేలా ఆదేశాలివ్వాలి.