ప్రింటర్ నంబరు చెప్పి లోపలికొచ్చే ల్యాప్‌టాప్

కంపెనీ గేటు దగ్గర బ్యాగు తెరిపిస్తారు, ల్యాప్‌టాప్ సీరియల్ నంబరు రిజిస్టర్లో రాయిస్తారు, మెడలో విజిటర్ పాస్ వేస్తారు. అదే మనిషి లోపలికెళ్లి కాన్ఫరెన్స్ రూమ్‌లో బల్ల కింద వేలాడే నీలం కేబుల్‌ని తన ల్యాప్‌టాప్‌కి తగిలించుకుంటే చాలాచోట్ల అడిగే నాథుడుండడు. వైఫైకి పాస్‌వర్డ్ పెడతాం. గోడలో ఉన్న సాకెట్‌ని మాత్రం కరెంటు ప్లగ్గు లాగా ఎవరైనా వాడుకునేలా వదిలేస్తాం.

ఇలా వదిలేస్తే ఏమవుతుందో 2018 డిసెంబరులో కాస్పర్‌స్కీ బయటపెట్టిన డార్క్‌విష్న్యా దాడుల్లో చూశాం. తూర్పు యూరప్‌లో కనీసం 8 బ్యాంకులు దెబ్బతిన్నాయి, నష్టం కోట్ల డాలర్లలో ఉంటుందని అంచనా. దొంగలు కొరియర్ వాళ్లలాగో, ఉద్యోగం కోసం వచ్చినవాళ్లలాగో బిల్డింగ్‌లోకి వెళ్లి, చవక ల్యాప్‌టాపో చిన్న రాస్ప్‌బెర్రీ పై బోర్డో ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించి వచ్చేశారు. తర్వాత మొబైల్ మోడెమ్ ద్వారా బయట కూర్చునే పని కానిచ్చారు.

దీనికి మందు కొత్తదేమీ కాదు. కేబుల్ పెట్టినవాళ్లెవరో అడిగి తేల్చుకునే 802.1X ప్రమాణం 2001 నుంచీ ఉంది, ఆఫీసు కేబుళ్లన్నీ వచ్చి చేరే మేనేజ్డ్ స్విచ్‌లలో దాదాపు అన్నింటిలోనూ ఉంటుంది. కేబుల్ పెట్టగానే పోర్టు తెరుచుకోదు. నువ్వెవరని స్విచ్ అడుగుతుంది, ఆ ప్రశ్నకి జవాబు మోసుకొచ్చే ఫ్రేములు తప్ప ఇంకేదీ దాటనివ్వదు, అంటే ఐపీ అడ్రస్ అడగడానికి కూడా ల్యాప్‌టాప్‌కి వీలుండదు. వచ్చిన జవాబుని స్విచ్ తనే తేల్చదు, వెనకనున్న రేడియస్ సర్వర్‌కి పంపుతుంది. గుమ్మం దగ్గర అటెండరు మన చీటీ లోపలికి పట్టుకెళ్లి, ఆఫీసర్ సరే అన్నాకే తలుపు తీసినట్టన్నమాట. ఈ పోర్టుని ఏ వీల్యాన్‌లో, అంటే నెట్‌వర్క్‌లోని ఏ విడి గదిలో వేయాలో కూడా సర్వరే చెబుతుంది.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. నా గొడవ దీన్ని పెట్టే తీరుతోనే. చాలా కంపెనీలు ఉద్యోగి యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో పని కానిచ్చేస్తాయి. అప్పుడు ఉద్యోగి ఇంటి నుంచి తెచ్చుకున్న సొంత ల్యాప్‌టాప్‌లో అదే పాస్‌వర్డ్ కొడితే తలుపు తెరుచుకుంటుంది. మనిషి తెలిసినవాడే, యంత్రం ఎవరిదో తెలియదు, దాన్లో ఏ వైరస్ ఉందో అంతకన్నా తెలియదు. తెలియని ల్యాప్‌టాప్‌ని ఆపడమే లక్ష్యమైతే కంపెనీ ఇచ్చిన ప్రతి యంత్రానికీ ఒక సర్టిఫికెట్ ఉండాలి, దాని రహస్య తాళంచెవి ల్యాప్‌టాప్‌లోని టీపీఎం చిప్‌లో బయటికి కాపీ కాకుండా ఉండాలి. ఇలా సర్టిఫికెట్ చూసి గుర్తుపట్టే పద్ధతినే ఈఏపీ-టీఎల్‌ఎస్ అంటారు. ఇందులో రాజీ పడితే మిగతాదంతా సగం పనే.

అయితే సర్టిఫికెట్లు బాగానే పెట్టిన చోట కూడా ఒక పెరటి గుమ్మం తెరిచే ఉంటోంది. పాత ప్రింటర్లకీ, హాజరు యంత్రాలకీ, కెమెరాలకీ స్విచ్ ప్రశ్నకి జవాబు చెప్పడం రాదు. వాటి కోసం మ్యాబ్ అనే మినహాయింపు ఉంది. సిస్కో స్విచ్ మామూలు సెట్టింగుల్లో 30 సెకన్లకోసారి మూడుసార్లు అడుగుతుంది, 90 సెకన్లు గడిచినా జవాబు రాకపోతే ఆ యంత్రానికి తయారీలోనే ఇచ్చిన నంబరు, అంటే మ్యాక్ అడ్రస్ చూసి, అది జాబితాలో ఉంటే తలుపు తీసేస్తుంది. ఆ మ్యాక్ అడ్రస్ రహస్యమా అంటే, చాలా ప్రింటర్లకి వెనక స్టిక్కర్ మీద అచ్చువేసే ఉంటుంది. కాగితాలు తీసుకుంటున్నట్టు వంగి ఆ స్టిక్కర్‌ని ఫోన్‌తో ఫొటో తీసి, ల్యాప్‌టాప్ సెట్టింగుల్లో అదే నంబరు కొట్టి, ప్రింటర్ కేబుల్ పీకి తన ల్యాప్‌టాప్‌కి పెట్టుకుంటే చాలు, ఒకటిన్నర నిమిషంలో లోపల ఉంటాడు. స్విచ్‌లో అడ్మిన్ చూస్తే కనిపించేది ఇంతే:

```
Interface  MAC Address     Method  Domain  Status
Gi1/0/12   0000.5e00.5307  mab     DATA    Auth
```

ఈ వరుసలో తప్పేమీ లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కానీ అదే పోర్టుకి ఐపీ అడ్రస్ ఇచ్చిన డీహెచ్‌సీపీ సర్వర్ లాగ్ తెరిస్తే, ప్రింటర్ అనుకున్నది ఐపీ అడిగేటప్పుడు తన పేరు `MSFT 5.0` అని చెబుతుంది. అది విండోస్ చెప్పే పేరు, ప్రింటర్ చెప్పదు. పైగా స్విచ్ లాగ్‌లో పోర్టు కాసేపు డౌన్ అయి మళ్లీ లేచిన గుర్తు కూడా ఉంటుంది. తెలివైన దొంగ ఆ పేరు కూడా మార్చేస్తాడు కాబట్టి లాగ్ చూడటం ఒక్కటే సరిపోదు. మ్యాబ్‌తో వచ్చిన ప్రతిదాన్నీ వేరే వీల్యాన్‌లో కట్టిపడేయాలి. ప్రింటర్‌కి ప్రింట్ సర్వర్ నుంచి టీసీపీ 9100 పోర్టు మీద పని వస్తే చాలు, దానంతట అది పేరోల్ సర్వర్‌తో మాట్లాడాల్సిన అవసరం ఏముంది? ఇలా కడితే దొంగ ప్రింటర్ వేషంలో వచ్చినా వాడి చేతికి ప్రింటర్ హక్కులే వస్తాయి.

దీనికి ఎదురు చెప్పేవాళ్లకీ కారణాలున్నాయి. రేడియస్ సర్వర్ పడిపోతే ఆఫీసంతా ఆగిపోతుంది, సర్టిఫికెట్ గడువు దాటితే సోమవారం పొద్దున్నే హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ల మీద ఫోన్లు వస్తాయి, ఆ టెన్షన్ నేనూ పడ్డాను. అసలు ల్యాప్‌టాప్‌కీ స్విచ్‌కీ మధ్యలో చిన్న పెట్టె పెట్టి దాని చాటున దూరిపోవచ్చన్నది కూడా నిజమే, ఎందుకంటే 802.1X గుమ్మం దగ్గరే అడుగుతుంది, ఆ తర్వాత పోయే ప్రతి ప్యాకెట్‌కీ సీలు వేయదు. 802.1X 2010 కూర్పు, ప్రతి ప్యాకెట్‌కీ సీలు వేసే మ్యాక్‌సెక్‌తో కలిపి దానికీ దారి చూపింది. సర్వర్లు రెండు పెట్టుకోవచ్చు, గడువు నెల ముందే చూసుకోవచ్చు. ఇవి పని పెంచే కారణాలే కానీ గుమ్మం తెరిచి పెట్టడానికి కారణాలు కావు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది వేరే ఉంది. మొదట్లో ఎవరినీ ఆపకుండా గమనించడానికి పోర్టులో `authentication open` అని ఒక లైను పెడతారు. అది ఉన్నంతకాలం ప్రశ్న అడుగుతారు, జవాబు తప్పయినా లోపలికి పంపిస్తారు. కొన్ని వారాలుండాల్సిన ఆ లైను ఏళ్ల తరబడి ఉండిపోవడం నేను చూశాను. ఆడిట్ ఫారంలో మాత్రం 802.1X ఉంది అని టిక్ పడుతుంది. ఉంది నిజమే, పని చేయడం లేదంతే. మన ఆఫీసుల్లో ఏ తాత్కాలిక ఏర్పాటుకైనా ముగింపు తేదీ రాసే అలవాటు లేదు, ఎవరు తీసేయాలో పేరు కూడా ఉండదు.

కొనుగోళ్లలోనూ ఇదే తంతు. సర్టిఫికెట్ పెట్టుకోగల ప్రింటర్లు, కెమెరాలు మార్కెట్లో ఉన్నాయి. టెండర్‌లో మాత్రం నిమిషానికి ఎన్ని పేజీలు, కెమెరాకి ఎన్ని మెగాపిక్సెళ్లు అని రాసి, తక్కువ ధర చెప్పినవాడికి ఇచ్చేస్తాం. 802.1X సపోర్టు ఉండాలనే ఒక్క లైను రాయనందుకు ఆ యంత్రం ఉన్న ఐదారేళ్లూ నెట్‌వర్క్ వాళ్లు మినహాయింపులు చేర్చుకుంటూ కూర్చోవాలి. చేర్చమనే ఈమెయిల్ ఠంచనుగా వస్తుంది, తీసేయమని ఒక్కరూ రాయరు.

నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఆ మినహాయింపుల జాబితా పట్టుకుని అంతస్తుల వెంట తిరిగాం. ఒక నంబరు దగ్గర ఆగిపోయాం, ఆ ఫ్యాక్స్ మెషీన్ ఏదని ఎవరిని అడిగినా తెలియదన్నారు. చివరికి స్టోర్స్‌లో పెద్దాయన చెప్పాడు, దాన్ని ఎప్పుడో స్క్రాప్ వాడికి వేసేశామని. యంత్రం స్టిక్కర్‌తో సహా పాత సామాన్ల కొట్టుకి వెళ్లిపోయింది, దాని నంబరు మాత్రం మా స్విచ్‌లన్నింటిలో ఆరోజుకీ చెల్లుతోంది.