ఆఫర్ ఒప్పుకొని చేరనివారు: అసలు కథ నోటీసు కాలంలోనే

విజయవాడ, గుంటూరు ప్రాంతాల్లో చిన్న, మధ్యతరహా సంస్థలు నడిపేవారి నోట ఈమధ్య తరచూ వినిపిస్తున్న ఫిర్యాదు ఒకటుంది. ఇంటర్వ్యూలు పూర్తయి, జీతం కుదిరి, ఆఫర్ లెటర్ మీద సంతకం చేసి పంపిన అభ్యర్థి చేరాల్సిన రోజున రాడు, ఫోన్ కూడా ఎత్తడు. ఈ తరానికి బాధ్యత లేదని నిట్టూర్చి ఊరుకోవడం సులువే కానీ, దానివల్ల ఖాళీ భర్తీ కాదు. ఇలాంటి సందర్భాలు చాలా వరకు చేరిక రోజుకు ఎంతో ముందే తేలిపోయి ఉంటాయని, సంతకానికీ చేరికకూ నడుమ ఉన్న 60 లేదా 90 రోజుల్లో సంస్థ ఏం చేసిందన్నదే ముందుగా చూడాలని నా అభిప్రాయం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఆటోనగర్‌లో వాహన విడిభాగాలు పంపిణీ చేసే ఒక సంస్థకు అకౌంట్స్ మేనేజర్ కావాలి. హైదరాబాద్‌లో నెలకు 40,000 రూపాయల జీతానికి పనిచేస్తున్న తెనాలి వాసి ఒకరు 46,000కు ఒప్పుకొని, సెప్టెంబరు ఆఖరున సంతకం చేశారు. అక్కడ ఆయన నోటీసు కాలం 60 రోజులు కాబట్టి, డిసెంబరు 1న చేరాలని నిర్ణయమైంది. ఇక్కడి పాత మేనేజర్ పదో తేదీ దాకా ఉండి పని అప్పగించి వెళతారు. ఏర్పాటు బాగానే ఉంది. అయితే సంతకం అందిన రోజు నుంచి నవంబరు నెలాఖరు దాకా సంస్థ నుంచి ఆయనకు ఒక్క ఫోన్ కూడా వెళ్లలేదు.

ఆ రెండు నెలల్లో అక్కడ జరిగింది వేరు. ఆయన రాజీనామా ఇచ్చిన వారానికే పాత యజమాని పిలిచి, జీతం 47,000 చేస్తానని, ఉండిపొమ్మని అడిగారు. వెయ్యి రూపాయల తేడా కోసం ఆయన ఆగిపోలేదు. మూడో తరగతి చదువుతున్న కూతురిని విద్యా సంవత్సరం మధ్యలో బడి మాన్పించి తీసుకురావడం ఎలాగన్న బెంగ అప్పటికే ఇంట్లో ఉంది, జీతం పెంపు దానికి ఒక సాకు ఇచ్చింది. రాజీనామా వెనక్కి తీసుకున్నారు. ఆ మాట ఇక్కడివాళ్లకు చెప్పడానికి మొహం చెల్లక, రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే డిసెంబరు 1 వచ్చేసింది. ఏప్రిల్ దాకా కుటుంబం హైదరాబాద్‌లోనే ఉన్నా ఫరవాలేదని, శనివారాలు ముందుగా బయల్దేరవచ్చని ఎవరైనా అక్టోబరులో ఒక మాట చెప్పి ఉంటే, ఆయన వచ్చేవారేమో. కానీ అలా చెప్పాలంటే ముందు బడి సంగతి తెలియాలి, దాన్ని ఎవరూ అడగలేదు.

నష్టం ఒక కుర్చీ ఖాళీగా ఉండటంతో ఆగదు. నెలవారీ రిటర్నులు వేసే సంస్థ 11వ తేదీలోగా అమ్మకాల వివరాలుండే జీఎస్‌టీఆర్-1, 20వ తేదీలోగా పన్ను లెక్క తేల్చే జీఎస్‌టీఆర్-3బి దాఖలు చేయాలి. పాత మేనేజర్ పదో తేదీన వెళ్లిపోతే, మొదటి రిటర్ను ఎవరి చేతిలోనూ లేకుండా పోతుంది. అది ఆలస్యమైతే ఆ ఇన్‌వాయిస్‌లు 14వ తేదీన తయారయ్యే కొనుగోలుదారుల క్రెడిట్ వివరాల పట్టిక జీఎస్‌టీఆర్-2బిలో కనిపించవు, దాంతో సరుకు కొన్న దుకాణదారులకు కొనుగోలుపై కట్టిన పన్నును తగ్గించుకునే ఇన్‌పుట్ ట్యాక్స్ క్రెడిట్ ఆ నెల ఆగిపోతుంది. ఒక మనిషి రాకపోవడం గుంటూరులోనో ఏలూరులోనో ఉన్న మూడో వ్యాపారి దాకా తగులుతుందన్నమాట.

దీన్ని ముందే పసిగట్టడానికి నేను నమ్మే గుర్తు ఒక్కటే, రాజీనామా ఆమోదం. సంతకం చేసిన వారం, పది రోజుల్లో, చివరి పనిదినం తేదీతో పాత సంస్థ ఇచ్చిన ఆమోద మెయిల్‌ను చూపించమని మర్యాదగా అడగాలి. కొన్ని సంస్థలు ఆమోదం ఇవ్వడానికి నానుస్తాయి, అప్పుడు రాజీనామా సమర్పించిన మెయిల్ అయినా చాలు. ఇది కూడా పూర్తి భరోసా కాదు, మన ఉదాహరణలోని వ్యక్తి నిజంగానే రాజీనామా ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నారు. అందుకే మెయిల్ చూశాక కూడా రెండు వారాలకొకసారి మాట్లాడుతూ ఉండాలి. ఆ మాట్లాడేది నియామక విభాగంవారు కాకుండా, అభ్యర్థి రేపు ఎవరి కింద పనిచేయబోతున్నారో ఆ అధికారే అయితే మేలు. నియామక విభాగం నుంచి ఫోన్ వస్తే తనిఖీలా అనిపిస్తుంది, కాబోయే పై అధికారి చేస్తే పని గురించిన మాటలా ఉంటుంది, ఇంటి సంగతులూ అందులోనే బయటపడతాయి.

చేరిక తేదీ వాయిదా అడిగినప్పుడు కంగారుపడనక్కర్లేదు. అమావాస్య అనో, ఆషాఢం అనో ఇంట్లో పెద్దలు వద్దంటున్నారని చెప్పడం మన ప్రాంతంలో మామూలే, దాన్ని సాకుగా కొట్టిపారేయడం తప్పు. చూడాల్సింది ప్రత్యామ్నాయ తేదీ చెబుతున్నారా లేదా అన్నది. "బుధవారం బాగుందండీ, ఆ రోజు వస్తాను" అన్నవారు సాధారణంగా వస్తారు. "మంచి రోజు చూసి చెబుతానండీ" అని ఆగిపోయినవారి విషయంలో రెండో అభ్యర్థికి ఫోన్ చేయాల్సిన సమయం వచ్చినట్టే.

ఇంత చేసినా రాకపోతే, ఆ ఉదయం మొదట ప్రమాదమో అనారోగ్యమో అయి ఉండవచ్చన్న ఆలోచనతోనే ఫోన్ చేయాలి. పదకొండు గంటల లోపు ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చేసి, క్షేమంగా ఉన్నారా అని అడుగుతూ ఒక సందేశం పంపితే చాలు. తల్లిదండ్రులకు, పాత సంస్థకు ఫోన్లు చేయడం, బంధువుల ద్వారా కబురు పెట్టడం సరికాదు. మరునాడు సాయంత్రం దాకా జవాబు లేకపోతే, ఆఫర్‌ను ఉపసంహరించుకుంటున్నట్టు రెండు వాక్యాల మెయిల్ పంపి, ఆయన పేరున తెరిచిన మెయిల్ ఖాతా, సాఫ్ట్‌వేర్ లాగిన్‌లు అదే రోజు మూసేయాలి.

చేరకపోతే నెల జీతం కట్టాలన్న షరతును కొందరు ఆఫర్ లెటర్‌లోనే రాస్తున్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 74 ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దాన్ని మించకుండా సహేతుకమైన పరిహారం మాత్రమే దక్కుతుంది. మనిషిని బలవంతంగా పనిలో చేరమని కోర్టులు మామూలుగా ఆదేశించవు. వకీలు ఫీజు, వాయిదాల చుట్టూ తిరిగే సమయం లెక్కేసుకుంటే ఈ దారి చాలా మటుకు గిట్టుబాటు కాదు. పైగా ఆ షరతు చూసి నిజంగా చేరాలనుకున్నవారు కూడా సందేహిస్తారు. హామీగా ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకునే అలవాటు మరీ అన్యాయం, ఒకరి చదువును తాకట్టుగా ఉంచుకునే హక్కు ఏ యజమానికీ లేదు.

రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి విషయంలో మాత్రం మన సంస్థలు పెద్ద పొరపాటు చేస్తున్నాయి. మొదటివారి సంతకం అందగానే రెండోవారికి తిరస్కరణ మెయిల్ పంపేస్తారు, లేదా ఏ మాటా చెప్పకుండా వదిలేస్తారు. రెండు నెలల తర్వాత అవసరం పడి ఫోన్ చేస్తే వారికి మనసు విరిగి ఉంటుంది. "మొదట వేరొకరికి అవకాశం ఇచ్చాం, వారు చేరేది డిసెంబరు 1న, ఈలోగా మీకు మంచి ఉద్యోగం వస్తే మా కోసం ఆగవద్దు" అని ఉన్నదున్నట్టు చెబితే చాలామంది అర్థం చేసుకుంటారు. ఆటోనగర్ సంస్థ అలా చెప్పి ఉంటే, నోటీసు కాలం అక్కర్లేని స్థానిక అభ్యర్థి ఎవరైనా డిసెంబరు 3న వచ్చి కూర్చునేవారు, పాత మేనేజర్ దగ్గర వారం రోజులు పని చూసుకుని 11వ తేదీ రిటర్ను వేసేవారు.