పివట్ లెక్క నిన్నటిది, వ్యాపారం ఇవాళ్టిది

"రోజూ సాయంత్రం మూడు అంకెలు రాసుకుంటే చాలు. రేపు షేరు ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ తిరుగుతుందో పివట్ ఫార్ములా ముందే చెప్పేస్తుంది. S1 దగ్గర కొనండి, R1 దగ్గర అమ్మండి, S2 కింద స్టాప్‌లాస్ పెట్టండి. పెద్ద ట్రేడర్లందరూ ఇవే గీతలు చూస్తారు కాబట్టి ధర అక్కడ తిరిగి తీరుతుంది. నమ్మకం లేకపోతే పాత చార్టు తెరిచి చూడండి."

విజయనగరం, బొబ్బిలి, రాజాం ప్రాంతాల్లో ఇంట్రాడే, అంటే షేర్లు కొన్నరోజే అమ్మేసే వ్యాపారం, చేసేవాళ్ల ఫోన్లలో ఈ సందేశం తిరుగుతోంది. పన్ను రిటర్నుల కోసం వాళ్లలో కొందరి ట్రేడింగ్ స్టేట్‌మెంట్లు నా దగ్గరకు వస్తాయి. వాళ్ల కష్టార్జితం ఈ నాలుగు మాటల మీద ఆధారపడకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు లెక్క చూద్దాం. P అంటే పివట్. R1, R2 ధర పైకి పోకుండా ఆగుతుందనుకునే నిరోధాలు, S1, S2 కిందికి పోకుండా ఆగుతుందనుకునే మద్దతులు. నిన్నటి సెషన్‌లో గరిష్ఠ ధర H, కనిష్ఠ ధర L, ముగింపు ధర C అనుకుంటే, ఎక్కువ మంది వాడే పాత పద్ధతి ఇది:

```
P  = (H + L + C) / 3
R1 = 2P - L      S1 = 2P - H
R2 = P + (H - L) S2 = P - (H - L)
```

ఒక షేరు నిన్న 412 దాకా ఎక్కి, 400 దాకా దిగి, 409 దగ్గర ముగిసిందనుకోండి. మూడింటి సగటు 407, అదే పివట్. R1 414, S1 402, R2 419, S2 395. ఇందులో రహస్యమేమీ లేదు. కంప్యూటర్ చార్టులు లేని రోజుల్లో, ఎక్స్ఛేంజీ ఆవరణలో నిలబడి కేకలతో బేరాలాడే వ్యాపారులు చీటీ మీద వేసుకున్న కూడికలు, తీసివేతలే ఇవి. ఇవాళ చాలా చార్టు యాప్‌లు వీటిని ఉచితంగా గీసి చూపిస్తాయి.

ఇక ముందే చెప్పేస్తుందన్న మాట. R1 నుంచి S1 తీసేయండి. 414లోంచి 402 పోతే 12. నిన్నటి గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య దూరం కూడా 12. ఇది యాదృచ్ఛికం కాదు. 2P - L లోంచి 2P - H తీసేస్తే మిగిలేది H - L మాత్రమే. ఏ షేరు తీసుకున్నా, ఏ రోజు తీసుకున్నా, R1, S1ల మధ్య దూరం సరిగ్గా నిన్నటి ఊగిసలాట అంతే ఉంటుంది. అంటే "S1 దగ్గర కొని R1 దగ్గర అమ్మండి" అన్న సలహా ఫలించాలంటే, షేరు నిన్న రోజంతా తిరిగినంత మేర ఇవాళ మళ్లీ తిరగాలి. అదీ ముందు కిందికి వచ్చి, తరువాత పైకి వెళ్లాలి. సందేశం పంపినవాళ్లు చెప్పని షరతు ఇదే.

దీని పర్యవసానం చార్టు మీద కనిపిస్తుంది. నిన్న షేరు రెండు రూపాయల మేరకే కదిలితే ఇవాళ గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి ఇరుక్కుని ఉంటాయి, మామూలు కదలిక కూడా రెండు మూడు గీతలను దాటేస్తుంది. నిన్న ఫలితాల వల్లనో పుకారు వల్లనో షేరు విపరీతంగా ఊగితే గీతలు ఎంతో దూరం జరుగుతాయి, ఇవాళ ధర వాటి దరిదాపులకైనా రాకపోవచ్చు. ఫార్ములాకు తెలిసింది ఆ మూడు ధరలే. 412 దగ్గర గంటసేపు లావాదేవీలు జరిగాయా, లేక ప్రారంభంలో ఒక్క క్షణం తాకి పడిపోయిందా అన్నది దానికి తెలియదు. రాత్రి వచ్చిన వార్త అసలే తెలియదు.

ఆ రాత్రి వార్తనే తీసుకుందాం. సందేశాన్ని నమ్మిన ఒకాయన మార్కెట్ తెరవకముందే 402 దగ్గర కొనుగోలు లిమిట్ ఆర్డరు పెట్టాడనుకోండి. చెడ్డ వార్త వల్ల షేరు 396 దగ్గర తెరుచుకుంది. 402 గానీ అంతకంటే తక్కువ గానీ అయితే కొనమన్నాడు కాబట్టి ఆయనకు 396కే షేర్లు వస్తాయి. చవకగా వచ్చాయని సంతోషపడే అవకాశముంది. నిజానికి మద్దతు దగ్గర నిలిచిన షేరు కొనాలన్నది ఆయన ఉద్దేశం, చేతికి వచ్చింది మద్దతును విరగ్గొట్టుకుని దిగిన షేరు. నష్టం పెరగకుండా అమ్మేయడానికి 395 కింద పెట్టిన స్టాప్‌లాస్ ఇప్పుడు రూపాయి పైచిలుకు దూరంలోకి వచ్చేసింది. R1 చేరాలంటే 18 రూపాయలు ఎక్కాలి, అంటే నిన్నటి మొత్తం కదలికకు ఒకటిన్నర రెట్లు. ప్రారంభ ధరే S1 కిందో R1 పైనో ఉన్న రోజున ముందురోజు వేసుకున్న ప్రణాళికను పక్కన పెట్టడమే సరైన పని.

అందరూ ఇవే గీతలు చూస్తారన్నది పైకి బలంగా కనిపించే వాదన. కానీ అందరి గీతలూ ఒకటి కావు. ఎన్ఎస్ఈ ఏళ్లుగా ప్రకటిస్తూ వచ్చిన అధికారిక ముగింపు ధర చిట్టచివరి లావాదేవీ ధర కాదు. చివరి అరగంటలో, అంటే 3 నుంచి 3:30 వరకు జరిగిన లావాదేవీల పరిమాణాన్ని బట్టి తీసిన సగటు అది. కొన్ని చార్టులు ఈ సగటును తీసుకుంటాయి, కొన్ని 3:30కి కనిపించిన ఆఖరి ధరను తీసుకుంటాయి. మన షేరులో సగటు 409 అయి, ఆఖరి ధర 406 అయితే రెండో చార్టులో పివట్ 406, R1 412, S1 400 అవుతాయి. ఒకరి R1 414, మరొకరిది 412. దీనికి తోడు ఫిబొనాచీ, కామరిల్లా అంటూ వేరే గుణకాలతో వేసే పివట్లు ఉన్నాయి. బోనస్ లేదా షేరు విభజన జరిగిన రోజున నిన్నటి ధరలను సర్దకుండా లెక్కిస్తే గీతలకు అర్థమే ఉండదు. ఎక్కువ మంది గమనించే పెద్ద షేర్లలో ఏదో ఒక గీత దగ్గర ఆర్డర్లు పోగుపడవచ్చు, నేను కాదనను. కానీ పోగుపడిన ఆర్డర్లు ధరను ఎంతసేపు ఆపుతాయో, ఎటు తోస్తాయో గీత చెప్పదు.

పాత చార్టు చూడమన్న సవాలుకూ జవాబుంది. మన షేరులో S2 నుంచి R2 దాకా 24 రూపాయల మేర. అందులో అయిదు గీతలు. గీతకు అటూ ఇటూ రూపాయి లోపల ధర తిరిగితే "పివట్ పనిచేసింది" అనుకుంటాం కదా. అలా గీతల చుట్టూ ఉన్న మేర కలిపితే 8 రూపాయలు. అంటే ధర ఈ మేరలో ఎక్కడో ఒకచోట గుడ్డిగా తిరిగినా, మూడింట ఒకసారి గీత పక్కనే తిరిగినట్టు కనిపిస్తుంది. గీతలు ఎన్ని ఎక్కువైతే అంత బాగా పనిచేసినట్టు తోస్తుంది. మన కన్ను కూడా ఆగిన చోట్లను గుర్తుపెట్టుకుంటుంది, నిలువునా దాటిపోయిన చోట్లను వదిలేస్తుంది.

మీ షేరులో నిజంగా తేడా ఉందో లేదో తేల్చుకునే దారి ఒకటుంది. ఎన్ఎస్ఈ రోజూ ఇచ్చే ధరల పట్టిక భావ్‌కాపీలోంచి గత మూడు నెలల H, L, C తీసుకుని గీతలు లెక్కించండి. తిరగడమంటే ఏమిటో లెక్కకు ముందే నిర్ణయించుకోండి: గీతకు ఎంత దగ్గరకు రావాలి, దాటకుండా ఎంత వెనక్కి వెళ్లాలి. తరువాత అయిదు నిమిషాల చార్టులో ప్రతి తాకిడినీ, అది తిరిగిందో దాటిందో రాసుకోండి. ఆపైన అసలు గీతల మధ్యలో, ఉదాహరణకు 402కీ 407కీ నడుమ 404.50 దగ్గర, దొంగ గీతలు గీసి అదే నిర్వచనంతో మళ్లీ లెక్కించండి. దొంగ గీతల దగ్గర కూడా ధర దాదాపు అంతే శాతం తిరిగితే మీ షేరులో పివట్‌కు ప్రత్యేకమైన శక్తి లేదు. తేడా స్పష్టంగా వస్తే, అది ఆ షేరుకు, ఆ మూడు నెలలకు మాత్రమే వర్తించే ఫలితం. తరువాతి మూడు నెలల ధరల మీద మళ్లీ పరీక్షించాకే డబ్బు పెట్టాలా వద్దా అని ఆలోచించండి.