సవరణ: ఖతర్‌లో కంపెనీ మారడం గురించి

"కఫీల్ ఎన్‌ఓసీ ఇవ్వకపోతే ఖతర్‌లో వేరే కంపెనీకి మారలేం."

ఇంతకుముందు నేను రాసిన ఈ వాక్యం తప్పు. దాన్ని నమ్మి ఆగిపోయినవారు ఉంటే మన్నించాలి. 2020 సెప్టెంబరులో వచ్చిన చట్ట సవరణతో, కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, అభ్యంతరం లేదని రాసివ్వాలన్న ఆ షరతు పోయింది. పనిలో చేరి రెండేళ్లు దాటనివారు నెల ముందు, దాటినవారు రెండు నెలల ముందు కార్మిక శాఖ ఆన్‌లైన్ వ్యవస్థలో నోటీసు ఇవ్వాలి. అంటే మూడేళ్లుగా పనిచేస్తున్న నిజామాబాద్ తాపీమేస్త్రి మార్చి 1న నోటీసు ఇస్తే, ఏప్రిల్ నెలాఖరు దాకా పాత కంపెనీలోనే డ్యూటీ చేయాలి. ఆలోగా క్యాంపు వదిలి వెళ్తే యజమాని పరారీ ఫిర్యాదు పెట్టగలడు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. పాస్‌పోర్టు తీసి ఉంచుకున్న యజమానికి 25,000 రియాళ్ల వరకు జరిమానా పడవచ్చు. అయితే పాస్‌పోర్టు దాచమని కార్మికుడే కోరుతున్నట్టు రాసిన కాగితంపై సంతకం చేస్తే, యజమానిపై అతను పెట్టే ఫిర్యాదు నిలవడం కష్టం.