కవర్‌ని ముందు గోరంత చేసి చూడండి

తొలి నవల రాసిన ప్రతివాడూ చేసే తప్పే నేనూ చేశాను. డిజైనర్ తమ్ముడు పంపిన కవర్‌ని లాప్‌టాప్ తెర నిండా తెరిచి చూసి, "అద్భుతం, ఇదే ఖాయం చేసెయ్" అన్నాను. ఇంట్లో అందరికీ చూపించాను. అందరూ బాగుందనే అన్నారు, అనక చస్తారా. ఆ పొరపాటు నుంచి బయటపడటానికి మూడు వారాలు పట్టింది. ఈ పోస్ట్ ఆ మూడు వారాల కోపం. కొంత నా మీద, కొంత "కవర్ అంటే మంచి బొమ్మ" అని ఇప్పటికీ నమ్మే వాళ్ల మీద.

నా నవల పేరు "మెట్ల కింద గది". నేర పరిశోధన కథ. మొదటి కవర్‌లో లేత నీటిరంగుల్లో ఒక పాత ఇల్లు, కిటికీ దగ్గర నిలబడ్డ ఒకామె, పైన సన్నటి అక్షరాల్లో ఒకే వరసలో పేరు. ఆ సన్నదనం నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. తర్వాత ఒక స్నేహితురాలు ఫోన్‌లో చూసి, "మెట కిద గది ఏంటి? ఏ భాష?" అంది.

జోక్ చేస్తోందనుకున్నాను. ఫోన్ తీసుకుని చూస్తే నిజమే. టకి కింద ఉన్న ల ఒత్తు లేదు. కి పక్కన ఉండాల్సిన సున్నా చిన్న మరకలా కనిపిస్తోంది.

ఎందుకిలా అయిందో లెక్క వేస్తే తెలిసింది. ఈబుక్ కవర్ ఫైల్‌ని, రచయితలే సొంతంగా పుస్తకాలు ప్రచురించుకునే అమెజాన్ కేడీపీ 1600 పిక్సెళ్ల వెడల్పు, 2560 ఎత్తు ఉంటే మంచిదంటుంది. అదే కవర్ ఫోన్‌లో పుస్తకాల వరసలో కనిపించేటప్పుడు ఉజ్జాయింపుగా 100 పిక్సెళ్ల వెడల్పు అనుకోండి. అంటే పదహారో వంతు. నా నవల పేరులో అక్షరం ఎత్తు 110 పిక్సెళ్లు, చిన్నదయ్యాక 7. ఒత్తు అందులో సగం కూడా ఉండదు, అంటే 3. ఆ సన్నటి గీత మందం 8 పిక్సెళ్లు, పదహారో వంతు చేస్తే అర పిక్సెల్. అర పిక్సెల్ గీతని తెర చూపించలేదు, వెనక రంగులో కలిపేసి లేత బూడిదగా మారుస్తుంది. కొత్త ఫోన్లలో చుక్కలు దట్టంగా ఉంటాయి, గీత కాస్త తేరుకుంటుంది, నిజమే. కానీ కంటికి కనిపించే అక్షరం సైజు మాత్రం పెరగదు కదా.

ఇక్కడే మన లిపికి ఇంగ్లిష్ కవర్ల సలహాలు సరిపోవు. వాళ్లకి పెద్దబడి అక్షరాలున్నాయి. అన్నీ ఒకే ఎత్తు, కిందకి దాదాపు ఏదీ వేలాడదు, గోడ కట్టినట్టు పేర్చుకోవచ్చు. మనకి పైన గుడి, పక్కన కొమ్ము, కింద ఒత్తు. అర్థాన్ని మోసేవి ఆ చిన్న ముక్కలే. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక. ద, ధ మధ్య తేడా ఒక చిన్న గీత. సున్నా లోపలి ఖాళీ పూడిపోతే అది చుక్క. కాబట్టి తెలుగు కవర్‌ని పరీక్షించేటప్పుడు "పేరు చదవగలుగుతున్నామా" అని అడిగితే చాలదు, ఎందుకంటే పేరు మనకి ముందే తెలుసు, మెదడు పూరించుకుంటుంది. పేరులోని అతి చిన్న ముక్క ఏదో ముందు వెతకాలి. నా నవల పేరులో అది ల ఒత్తు, తర్వాత సున్నా. ఆ రెండూ బతికితే మిగతావన్నీ బతుకుతాయి.

రెండోసారి పేరుని మూడు వరసలుగా విడగొట్టాం: మెట్ల, కింద, గది. అక్షరం ఎత్తు 320 పిక్సెళ్లకి పెరిగింది, చిన్నదయ్యాక 20. ఒత్తుకి దాదాపు 10 దక్కాయి. గీత మందం 60, అంటే చిన్న సైజులో దాదాపు 4. కానీ మూడు వరసలు దగ్గరగా పెడితే పై వరస ఒత్తు వెళ్లి కింది వరస తలకట్టుని గుద్దుకుంటుంది. వరసల మధ్య ఖాళీ పెంచితే పేరు ముక్కలైపోయి మూడు వేరే మాటల్లా కనిపిస్తుంది. తమ్ముడు ఏం చేశాడంటే, మొదటి వరసని కొంచెం జరిపి, ల ఒత్తు సరిగ్గా "కింద"లోని సున్నా పైకి వచ్చేలా పెట్టాడు. సున్నాకి తలకట్టు ఉండదు, దాని నెత్తిన ఖాళీ జాగా ఉంటుంది. ఒత్తు అందులో ఒదిగి కూర్చుంది. ఇలాంటిది ఏ ఫాంటూ దానంతట అది చేసి పెట్టదు, అక్షరాల్ని చేత్తో జరుపుకోవాల్సిందే.

రంగు గురించి ఒక్క మాటే. కవర్‌ని నలుపు తెలుపులోకి మార్చి చూడండి. నల్లటి నేపథ్యం మీద ముదురు ఎరుపు పేరు భలే భయంకరంగా ఉంటుందని నేను పట్టుబట్టాను. నలుపు తెలుపులో పేరు మాయమైపోయింది. రంగు వేరైనా వెలుగు ఒకటే అయితే చిన్న అక్షరాల్ని కన్ను సులువుగా విడదీయలేదు. చివరికి పసుపు కలిసిన తెలుపు వాడాం. అన్నట్టు, కవర్ నేపథ్యమే తెలుపైతే తెల్లటి పేజీ మీద దాని అంచు కనిపించదు, చుట్టూ మూడు నాలుగు పిక్సెళ్ల బూడిద గీత వేయించుకోవాలి.

ఇప్పుడు అసలు గొడవ. పేరు చదవగలిగేలా అయింది సరే, అది ఏ రకం పుస్తకమో చెబుతోందా? మొదటి కవర్‌ని, నవల గురించి ఏమీ తెలియని ఆరుగురికి రెండు సెకన్లు చూపించి తీసేశాను. "బాగుందా" అని అడగలేదు. "ఇందులో ఏం కథ ఉండొచ్చు" అని అడిగాను. నలుగురు కుటుంబ కథ అన్నారు, ఒకరు ప్రేమ కథ, ఒకరు కవిత్వం అన్నారు. హత్య అన్నవాళ్లు ఒక్కరూ లేరు. అంటే నేర పరిశోధన కథల కోసం వెతుకుతున్న పాఠకుడు నన్ను దాటి వెళ్లిపోతాడు. కుటుంబ కథ అనుకుని కొన్నవాడు మూడో అధ్యాయంలో శవాన్ని చూసి నన్ను తిడతాడు. ఎటు చూసినా నష్టమే.

"నా కవర్ అందరిలా ఉండకూడదు" అనే మాట ప్రతి కొత్త రచయితా అంటాడు. నేనూ అన్నాను. కానీ రోజూ చదివే పాఠకుడికి కొన్ని గుర్తులు అలవాటై ఉంటాయి. ముదురు నేపథ్యం, దిట్టమైన పెద్ద అక్షరాలు, ఎక్కడో ఒక చిన్న ఒంటరి ఆకారం కనిపిస్తే ఉత్కంఠ కథ అనుకుంటాడు. మెలికల చేతిరాత, ప్రకాశవంతమైన చదునైన రంగుల్లో ఇద్దరు మనుషుల బొమ్మ ఉంటే ప్రేమ కథ అనుకుంటాడు. ఇవి శాశ్వతం కాదు, కొన్నేళ్లకి మారతాయి. అందుకే మన జ్ఞాపకంలో ఉన్న కవర్లని కాదు, ఈ మధ్య వచ్చినవాటిని చూడాలి. అదే రకం నవలలు పదింటి కవర్లు ఒక వరసలో పెట్టి, మనది మధ్యలో దూర్చి, అన్నిటినీ గోరంత చేయాలి. మనది వేరే ఇంటి పిల్లలా కనిపిస్తే గుర్తులు తప్పాయి. కలిసిపోయి కనపడకపోతే సొంతదంటూ ఏమీ లేదు. మొదటిదే పెద్ద ప్రమాదం, కనీసం తొలి నవలకి. పేరున్న రచయిత గుర్తుల్ని ధిక్కరించొచ్చు, ఆయన పేరే గుర్తు. అందుకే ఆయన పేరు పెద్దదిగా, నవల పేరు చిన్నదిగా ఉన్నా చెల్లుతుంది. నా పేరు ఎవరికి తెలుసని? అది కింద బుద్ధిగా కూర్చుంటే చాలు. (మా నాన్నకి ఇది ఇంకా నచ్చలేదు.)

కిటికీ, ఆమె, నీటిరంగులు అన్నీ పోయాయి. కొత్త కవర్‌లో మెట్లు మాత్రమే ఉన్నాయి. వాటి కింద కొద్దిగా తెరిచిన చిన్న తలుపు, లోపల వెలుగు. ఆ వెలుగే పేరు రంగు. మళ్లీ వేరే ఆరుగురికి చూపించాను. ఐదుగురు "ఎవరో దాక్కున్నారు", "ఏదో జరిగింది" తరహాలో చెప్పారు. ఒకాయన దయ్యం కథ అన్నాడు. పర్లేదు, పక్క వీధే.

ఇక వెన్ను. స్పైన్ గురించి ఎవరూ మాట్లాడరు, చివరి రోజు సాయంత్రం గుర్తొస్తుంది. అరలో నిలబెట్టిన పుస్తకానికి వెన్నే కవర్ అని మర్చిపోతాం. వెన్ను మందం ఊహించకూడదు, లెక్కించాలి. కేడీపీ క్రీమ్ రంగు కాగితానికి పేజీకి 0.0025 అంగుళం చొప్పున లెక్క కడుతుంది. నా 240 పేజీలకి 0.6 అంగుళం, అంటే 15 మిల్లీమీటర్ల పైచిలుకు. అందులో రెండు వైపులా 1.6 మిల్లీమీటర్ల చొప్పున ఖాళీ వదలాలి, ఎందుకంటే మడత ప్రతి కాపీలోనూ ఒకేచోట పడదు. మిగిలింది 12. ఈ 12లో గుడి పై కొస నుంచి ఒత్తు కింది కొస దాకా పట్టాలి. అంటే అసలు అక్షరానికి దక్కేది ఐదారు మిల్లీమీటర్లే. తమ్ముడు మొదట అక్షరాన్ని మాత్రమే కొలిచి పెట్టాడు, ల ఒత్తు మడత దాటి వెనక అట్ట మీదకి పోయింది.

ఇంకో చిక్కుంది. సాఫ్ట్‌వేర్ పేరుని నడిమధ్యన పెట్టమంటే గుడినీ ఒత్తునీ కలిపి కొలిచి మధ్యన పెడుతుంది. నా నవల పేరు మొత్తంలో ఒత్తు ఒక్కటే. దానికోసం మిగతా అక్షరాలన్నీ ఒక పక్కకి జరిగి, పేరు వెన్ను మీద వంకరగా ఎక్కినట్టు కనిపించింది. అక్షరాల ఒళ్లుని మధ్యకి తెచ్చి, ఒత్తుని దాని మానాన వేలాడనివ్వాలి. పేరు పైనుంచి కిందకి నడిచేలా పెట్టించాను. అలా ఉంటే పుస్తకం ముఖం పైకి పెట్టి బల్ల మీద పడుకోబెట్టినా వెన్ను తిన్నగా చదవొచ్చు. అక్షరం కింద అక్షరం పేర్చే పద్ధతి మాత్రం వద్దు, కన్ను మాటని కాక అక్షరాల్ని చదువుతుంది. వెన్నుకి వేరే రంగు వేసి మడత దగ్గర కచ్చితంగా ఆపడమూ వద్దు. ఒక్క మిల్లీమీటర్ జరిగినా ముందు అట్ట అంచున గీతలా కనిపిస్తుంది. ముందు అట్ట రంగే వెన్ను మీదుగా వెనక్కి పారితే ఆ జరుగుడు ఎవరికీ తెలియదు.

లెక్కలన్నీ సరిపోయాక, లోపలి అక్షరాలు చిన్నవిగా ఉన్నాయని నేనే అర పాయింట్ పెంచమన్నాను. 240 కాస్తా 262 అయింది. వెన్ను దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ లావెక్కింది, కవర్ మొత్తం మళ్లీ కట్టాల్సి వచ్చింది. తమ్ముడు ఫోన్ చేసి, "అన్నా, పేజీలు ఇప్పుడైనా ఖాయమా?" అని అడిగాడు. ఖాయమే అన్నాను. కృతజ్ఞతల పేజీ ఇంకా రాయలేదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.